పన్నెండు ఆర్కిటైప్ కార్డులు: తొమ్మిదేళ్ళు వాడాక

బల్ల మీద పన్నెండు కార్డులు పరిచి, "మీ బ్రాండు ఒక మనిషైతే వీళ్ళలో ఎవరు?" అని అడుగుతూ తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఇన్నొసెంట్, ఎక్స్‌ప్లోరర్, సేజ్, హీరో, ఔట్‌లా, మెజీషియన్, రెగ్యులర్ గై, లవర్, జెస్టర్, కేర్‌గివర్, క్రియేటర్, రూలర్ అనేవే ఆ పన్నెండూ. ఒక్కోటీ ఒక ఆర్కిటైప్, అంటే కథల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే ఒక పాత్ర రకం. కార్డులు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, వాడుతూనే ఉన్నాను. కానీ మొదట్లో వాటి మీద పెట్టుకున్న నమ్మకంలో సగం పోయింది. ఆ సగం ఎందుకు పోయిందో, మిగతా సగం ఎందుకు నిలిచిందో చెప్తాను.

ముందు వీటి పుట్టుక సంగతి. చాలా ప్రెజెంటేషన్లలో "యూంగ్ చెప్పిన పన్నెండు ఆర్కిటైప్‌లు" అని కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ పన్నెండు అని ఎక్కడా లెక్క కట్టలేదు. ఆయన నీడ గురించి, తల్లి గురించి, వృద్ధ జ్ఞాని గురించి, ట్రిక్‌స్టర్ గురించి రాశాడు. పన్నెండు పాత్రల పట్టిక కేరల్ పియర్సన్‌ది. దాన్ని సరిచేసి బ్రాండుల లోకంలోకి తెచ్చింది మార్గరెట్ మార్క్, పియర్సన్ కలిసి 2001లో వేసిన పుస్తకం. నాలుగు ప్రేరణలు, ఒక్కోదాని కింద మూడు పాత్రలు. గడులు పొందికగా కుదిరాయి కదా అని, అవి మనసులో కొలిచి తీసినవనుకోవడానికి లేదు. ఈ తేడా చెప్పకపోతే క్లయింటు ఎంచుకున్న కార్డును రక్తపరీక్ష రిపోర్టులా చూస్తాడు, ఇక దాన్ని మార్చడానికి ఒప్పుకోడు.

నాకు బాగా బుద్ధి వచ్చింది ఒక బ్యాకప్ సర్వీసు పనిలో. చిన్న ఆఫీసుల ఫైళ్ళను రోజూ కాపీ చేసి భద్రపరచి, కంప్యూటర్ పాడైతే తిరిగి ఇచ్చే కంపెనీ అది. వర్క్‌షాపుకు ఎనిమిది మంది వచ్చారు. మూడు గంటల చర్చ తర్వాత హీరో కార్డు గెలిచింది. కంపెనీ పెట్టినాయన కష్టపడి పైకొచ్చిన మనిషి, పోరాటం అనే మాట ఆయనకు ఇష్టం. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారని నేను గమనించాను. గమనించి కూడా ఆపలేదు, ఆ తప్పు నాదే. హోమ్ పేజీ, మెయిళ్ళు, యాప్‌లో మెసేజీలు అన్నీ హీరో గొంతులోకి మార్చాం: "డేటా నష్టాన్ని జయించండి", "మీ వెనక మేమున్నాం, ముందుకు సాగండి".

నాలుగు నెలల తర్వాత సపోర్టు టీమ్ లీడ్ నాకు ఫోన్ చేసింది. "మేడం, రీస్టోర్ మధ్యలో ఆగిపోతే కస్టమర్‌కి వెళ్ళే మెయిల్ ఒకసారి చదవండి" అంది. "ఓటమి ఒక మజిలీ మాత్రమే! మళ్ళీ ప్రయత్నించండి, గెలుపు మీదే" అని ఉంది. ఆ మెయిల్ అందుకున్నది రేపు జీతాల లెక్క పంపాల్సిన అకౌంటెంట్. ఆమె తిరిగి రాసింది ఒక్క వాక్యం: "నా ఫైళ్ళు ఉన్నాయా లేవా?"

ఆ వాక్యం ముందు మా హీరో దగ్గర జవాబు లేదు. ఆమెకు కావలసినవి మూడు: ఫైళ్ళు భద్రంగా ఉన్నాయా, ఎంత వచ్చింది, ఇంకెంతసేపు పడుతుంది. హీరో బదులు కేర్‌గివర్‌ను ఎంచుకుని ఉంటే "కంగారు పడకండి, మీ బాధ మాకు తెలుసు" అని రాసేవాళ్ళం. అందులోనూ ఆ మూడూ ఉండవు. కార్డు మనకు గొంతును ఇస్తుంది. ఆ గొంతుతో ముందు ఏది చెప్పాలో ఇవ్వదు.

రెండో దెబ్బ పోటీదారుల దగ్గర తగిలింది. అదే రంగంలోని ఆరు సర్వీసుల హోమ్ పేజీల నుంచి ఒక్కో పేరా తీసి, పేర్లు చెరిపేసి, వర్క్‌షాపుకు రాని నలుగురు సహోద్యోగులకు ఇచ్చాను. ఒక్కో పేరాకు కార్డు పెట్టమన్నాను. ఒకే పేరాకు ఒకరు సేజ్ అన్నారు, ఒకరు కేర్‌గివర్, ఇంకొకరు రూలర్. నలుగురూ ఒకే కార్డు పెట్టిన పేరా ఒక్కటీ లేదు. మా పేరాకు ఒక్కరు కూడా హీరో అనలేదు. కంపెనీలో ఎనిమిది మంది చూసే హీరో బయట చదివేవాళ్ళకు కనిపించనే లేదు. పైగా "నమ్మకం, భద్రత, మనశ్శాంతి" అనే మాటలు ఆరు పేజీల్లోనూ ఉన్నాయి. మా పేరు తీసి పక్కవాళ్ళ పేరు పెట్టినా ఏమీ మారదు. పొజిషనింగ్‌కు, అంటే పోటీదారుల మధ్య బ్రాండును వేరుగా నిలబెట్టడానికి, ఆర్కిటైప్ సరిపోకపోవడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం. ఒక రంగంలోని కంపెనీలు ఒకే రకం అవసరం తీరుస్తాయి కాబట్టి, అన్నీ పన్నెండింటిలోని ఆ రెండు మూడు కార్డుల దగ్గరికే చేరతాయి. వేరుగా కనిపించాలంటే రంగు, పేరు, ఆకారం, పదేపదే వాడే ఒక వాక్యం లాంటివి కావాలి. అవి ఏ కార్డులోనూ దొరకవు.

మరి వర్క్‌షాపులో అందరికీ "అవును, ఇది మనమే" అని ఎందుకనిపిస్తుంది? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన రాసిచ్చాడు. అది తమకెంత సరిపోయిందో ఐదుకు మార్కులేయమంటే సగటున నాలుగు పైనే వచ్చింది. కార్డు వెనక ఉండే మాటలూ అలాంటివే. "ధైర్యం ఉంది, కానీ లోపల ఓడిపోతామనే భయం ఉంది" అంటే కాదనే కంపెనీ ఏది? ఇప్పుడు నేను కార్డు పేరు దాచి, ఎంచుకోని కార్డు వర్ణనను కూడా చదివించి చూస్తాను. దానికీ తలలు ఊగితే, ఆ ఎంపికను అక్కడితో ఆపేస్తాను.

ఇంత చెప్పాక వీటిని ఇంకా ఎందుకు వాడుతున్నానంటే, ఒక పనికి ఇవి నిజంగా బాగుంటాయి. కలిసి పనిచేసే ఐదుగురు రైటర్లకు "కొంచెం ఆత్మీయంగా రాయండి" అంటే ఐదు అర్థాలు వస్తాయి. "జెస్టర్ కాదు, సేజ్" అంటే ఏం రాయకూడదో వెంటనే అర్థమవుతుంది. నా అనుభవంలో కార్డు ఎంచుకోవడానికంటే తీసేయడానికే ఎక్కువ పనికొస్తుంది. మాట్లాడని వాళ్ళ చేత మాట్లాడించడానికీ పనికొస్తుంది. యజమాని ముందు "మన మెయిళ్ళు కరుకుగా ఉన్నాయి" అనలేని మనిషి, రూలర్ కార్డు చూపించి అదే మాట సులువుగా అంటాడు.

అందుకే వరస మార్చాను. ముందు కార్డులు తీయను. మూడు ఉత్తరాలు రాయిస్తాను: ధర పెంచుతున్నామని ఒకటి, సర్వీసు ఆగిపోయిందని ఒకటి, డబ్బు వాపసు ఇవ్వలేమని ఒకటి. సంతోషంగా ఉన్న కస్టమర్‌కు రాసే మెయిల్ ఏ గొంతులోనైనా బాగానే ఉంటుంది, తేడా తెలిసేది ఈ మూడింట్లోనే. ఆ తర్వాత అరగంట మాత్రం కార్డులు. రెండు కార్డులు మిగిల్చి, అవే ఉత్తరాలను ఒక్కో గొంతులో తిరగరాయిస్తాం. రెండింటిలోనూ వాక్యాలు దాదాపు ఒకటే అయితే ఆ కార్డులు ఈ కంపెనీకి ఏమీ చేయలేవని అర్థం, పక్కన పెట్టేస్తాం. ఒక గొంతులో ఉత్తరం అబద్ధంలా వినిపిస్తే, ఆ కార్డు ఎంత నచ్చినా వదిలేస్తాం. యజమానిని ఈ అరగంటలో ఆఖరున మాట్లాడమంటాను.

ఆ బ్యాకప్ కంపెనీకి చివరకు ఏ కార్డూ ఇవ్వలేదు. నాలుగు వాక్యాలు రాసిచ్చాం: ఫైళ్ళ పరిస్థితి మొదటి వాక్యంలోనే చెప్పాలి. సమయం నిమిషాల్లో చెప్పాలి. కారణం తెలియకపోతే తెలియదని రాయాలి. ఆశ్చర్యార్థకం వాడకూడదు. ఆగిపోయిన రీస్టోర్‌కు వెళ్ళే మెయిల్ ఇప్పుడిలా మొదలవుతుంది: "మీ ఫైళ్ళు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. 412లో 380 మీ కంప్యూటర్‌కు చేరాయి. మిగతా 32కి సుమారు 25 నిమిషాలు పడుతుంది."