ఆ వాటర్ హీటర్ రాడ్డు మీ ఇంట్లోనూ ఉందేమో చూసుకోండి: పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్ళకి

మన వైపు చాలామంది ఇంటి సామాను పాతపట్నంలోనో పార్వతీపురంలోనో కొంటాం. అక్కడ అమ్మిన ఒక చిన్న కంపెనీ 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్లలో ఒక బ్యాచ్‌ని ఆ కంపెనీయే వెనక్కి తీసుకుంటోంది. మా ఇంట్లో ఉన్నదీ ఆ బ్యాచే. పేరు, బ్యాచ్ నంబర్లు ఉన్న నోటీసుని ఆ రాడ్లు అమ్మిన షాపుల్లో అతికించారు. నంబరులో ఒక్క అంకె తప్పు పడినా ముప్పే కాబట్టి ఇక్కడ ఎత్తి రాయడం లేదు, నోటీసులోనే చూసుకోండి. అప్పటిదాకా ఈమధ్య కొన్న రాడ్డు ఏదైనా సరే, ప్లగ్ పెట్టకండి.

నోటీసులో “సాంకేతిక లోపం” అని మాత్రమే ఉంది. అది చదివిన మా పక్కింటి పిన్ని, “నీళ్ళు బాగానే కాగుతున్నాయి కదమ్మా, మాది మంచిదే” అంది. భయం అక్కడే ఉంది. ఈ లోపం ఉన్నా రాడ్డు బాగానే వేడెక్కుతుంది. లోపలి కాయిల్‌కీ బయటి గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి కూరి ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు అది వేడిని బయటికి వదులుతుంది, కరెంటును ఆపుతుంది. కానీ తేమను పీల్చుకునే గుణం దానికి ఉంది, అందుకే గొట్టం చివర్లకి సీలు వేస్తారు. ఈ బ్యాచ్‌లో ఆ సీలు సరిగ్గా పడలేదు. ఆవిరి లోపలికి పోయిన కొద్దీ కరెంటు గొట్టంలోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి దిగుతుంది. మా రాడ్డుకి నల్ల మూత కింద, గొట్టం మొదలైన చోట సన్నటి చీలిక, దాని చుట్టూ తెల్లటి పొక్కు కనిపించాయి. మీ దానికి అలాంటిదేమీ కనిపించకపోయినా మంచిదని అనుకోవద్దు, సీలు లోపల పోయి ఉండొచ్చు.

ఎర్తింగ్ బాగుండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ బోర్డులో ఉంటే, రాడ్డు పెట్టగానే అది పడిపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే. పాత ఇళ్ళలో ప్లగ్ పాయింటుకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ వైరు ఉండదు. అలాంటి చోట కరెంటుకి మిగిలిన దారి బకెట్‌లో చెయ్యి పెట్టిన మనిషే. ప్లాస్టిక్ బకెట్ అయినా కాపాడదు. టెస్టరుతో నీళ్ళు పరీక్షిద్దామని ఎవరూ చూడకండి.

ఇక చేయాల్సింది. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్డు చల్లారాక మూత మీది స్టిక్కర్‌ని వెలుతురులో ఫొటో తీయండి. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు మూడూ పడాలి. వేడి నీళ్ళకి స్టిక్కర్ చెరిగిపోతే అట్టపెట్టె మీద కూడా బ్యాచ్ ఉంటుంది. రెండూ లేకపోతే బిల్లు తీసుకుని కొన్న షాపుకే వెళ్ళండి. స్టిక్కర్ లేకపోతే కుదరదని కంపెనీవాళ్ళు మొదట నోటీసులో రాశారు. అడిగాక, కొన్న తేదీ చూసి మార్చి ఇస్తామని ఒప్పుకున్నారు. తప్పు తామే బయటపెట్టిన కంపెనీ మీద నాకు గౌరవం ఉంది. కానీ “షాక్ కొడుతుంది, వాడకండి” అని పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంటే పిన్ని లాంటివాళ్ళు ఆ రోజే ఆపేసేవారు.

రిపేరు చేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. తేమ పట్టిన రాడ్డుకి పైన లప్పం పూస్తే లోపలి తేమ పోదు. కొత్తదో డబ్బో అడగండి, పాతది ఇచ్చినట్టు బ్యాచ్ నంబరుతో రసీదు రాయించుకోండి. పాత సామానువాడికి అమ్మితే అది మళ్ళీ ఏ సంతలోనో తేలుతుంది. డబ్బు వాపసు ఇస్తామని ఫోన్ చేసి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అడిగితే చెప్పకుండా ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు.

ఒక షాపాయన నాతో, “ఇది ఆంధ్రా సరుకండీ, మీ ఒడిశా వాళ్ళు భువనేశ్వర్ సర్వీస్ సెంటర్‌కి పంపుకోవాలి” అన్నాడు. అది సరికాదు. అమ్మిన చోట తిరిగి ఇవ్వొచ్చని నోటీసులోనే ఉంది, చూపించాక తీసుకున్నాడు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే కేసు వేయనక్కర్లేదు. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఇంత చిన్న సొమ్ముకి ఫీజు కూడా ఉండదు.

కాశీనగర్ వైపు ఊళ్ళలో ఈ నోటీసు చూడనివాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడ మీకు చుట్టాలుంటే ఇవాళే ఫోన్ చేసి అడగండి.