నెబోతియన్ సిస్టులు: వదిలేయడమా, కాల్పించడమా, గర్భసంచే తీయించడమా?

మొన్న ఓపీకి వచ్చిన ఆవిడకు 39 ఏళ్లు, రెండు కాన్పులు. తెల్లబట్ట అవుతోందని ఊళ్లో స్కాన్ తీయిస్తే రిపోర్టులో "గర్భాశయ ముఖద్వారంలో కొన్ని నెబోతియన్ సిస్టులు, పెద్దది 8 మిల్లీమీటర్లు" అని వచ్చింది. ఒకరు కరెంటుతో కాల్పించుకోమన్నారట. ఇంకొకరు "పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేస్తే గొడవే ఉండదు" అన్నారట. "తీసేయమంటారా మేడమ్?" అని భయంభయంగా అడిగింది.

యోనిని తెరిచి చూపే స్పెక్యులమ్ పరికరం వేసి చూస్తే ముఖద్వారం మీద ఒకచోట శనగగింజంత పసుపుపచ్చని బుడిపె కనిపించింది. నున్నగా ఉంది. దాని మీదుగా సన్నని రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా చీలుతూ, పోనుపోను సన్నబడుతూ ఉన్నాయి. ఆ తీరు చూడగానే సగం టెన్షన్ పోతుంది.

ముఖద్వారం లోపలి పొరలో జిగురు ఊరే గ్రంథులుంటాయి. బయటివైపు పొర మందం. కాన్పు తర్వాతో, మామూలు వయసు మార్పుల్లోనో ఆ మందపాటి పొర లోపలి పొర మీదికి పాకి గ్రంథుల మూతులను కప్పేస్తుంది. జిగురు ఊరడం మాత్రం ఆగదు. బయటికి దారి లేక లోపలే బుడగ కడుతుంది. అంతే సంగతి. మార్టిన్ నాబోత్ అనే జర్మన్ వైద్యుడు 1707లో వీటి గురించి రాస్తూ అండాలనే అనుకున్నాడు. లోపలి జిగురు గుడ్డు తెల్లసొనలా ఉంటుంది మరి, ఆయన్ని తప్పుపట్టలేం.

ఇక ఏది మేలు?

కాల్పించడం సంగతి ముందు చూద్దాం. కాల్చినచోట మానడమంటే మళ్లీ ఆ మందపాటి పొర వచ్చి గ్రంథులను కప్పడమే. అంటే సిస్టు ఏ దారిన పుట్టిందో ఆ దారినే మళ్లీ తెరుస్తున్నాం. పైగా కొన్ని వారాలు నీళ్లలా స్రావం అవుతుంది. ఒక్కోసారి ముఖద్వారం బిగుసుకుపోయి నెలసరి రక్తం సరిగా బయటికి రాదు. సూదితో పొడిచి జిగురు తీయడం ఇంతకంటే తేలికే, కానీ బాధ పెట్టని బుడగను పొడిచి సాధించేదేమీ లేదు.

గర్భసంచి తీయించడం అసలు పోలికకే రాకూడదు. మన దగ్గర మాత్రం రాక తప్పడం లేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం మందికి గర్భసంచి లేదు. దేశ సగటు 3.2 శాతమే. ఆపరేషన్‌లో మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ కాస్త ముందే రావచ్చు. అవీ తీసేస్తే 39 ఏళ్లకే ఎముకల అరుగుదల మొదలవుతుంది. 8 మిల్లీమీటర్ల జిగురు బుడగ కోసం ఇదంతానా?

అందుకే నా ఓటు వదిలేయడానికే. సిస్టు కోసం మళ్లీ మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు. అది క్యాన్సర్‌గా మారదు.

అయితే ప్రతి బుడగా ఇదే అనుకోకూడదు. లోపల గట్టి భాగం ఉన్నా, అందులో రక్తప్రవాహం కనిపించినా, ముఖద్వారం లోతుకు గుంపుగా దిగినా, నీళ్లలా ధారగా స్రావం అవుతున్నా ఎమ్మారై, బయాప్సీ అవసరం కావచ్చు. అలా కనిపించే అరుదైన క్యాన్సర్ ఒకటుంది. కలయిక తర్వాత, లేదా ముట్లుడిగాక రక్తం కనిపిస్తే సిస్టు మీద నెపం పెట్టి ఊరుకోకూడదు. సిస్టు కొన్ని సెంటీమీటర్లకు పెరిగి నొప్పో ఒత్తిడో కలిగిస్తే అప్పుడు తీయడంలో అర్థముంది.

రిపోర్టుల్లో భయపెట్టే ఇంకో మాట "ఎరోషన్", జనం నోట "గర్భసంచి పుండు". చాలావరకు అది పుండే కాదు. లోపలి ఎర్రటి పొర బయటికి తిరిగి కనిపించడం. గర్భిణులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మామూలే. ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష బాగుండి, బాధ లేకపోతే దానికీ వైద్యం అక్కర్లేదు.

ఇంతకీ ఆవిడ తెల్లబట్ట పెరుగులా విరిగినట్టుంది, దురద కూడా ఉంది. అది ఫంగస్, సిస్టుకు సంబంధం లేదు. యోనిలో పెట్టుకునే మాత్ర రాశాను. స్కాన్‌లో కణాల మార్పులు కనపడవు కాబట్టి, ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ పరీక్ష, ఆవిడ ఎప్పుడూ చేయించుకోనిది, మాత్రం దురద తగ్గాక వచ్చి చేయించుకోమన్నాను. సిస్టు ఉన్నా లేకపోయినా 30 దాటినవాళ్లకు అది అవసరమే. మూడు వారాలకు వచ్చింది. దురద పోయింది, నమూనా తీసి పంపాం. బుడిపె ఉన్నచోటే ఉంది.