రంగూన్ రుమాలు పట్టుకుని పుట్టపాక, చీరాల

మా అత్తయ్య ట్రంకు పెట్టెలో అడుగున ఒక రుమాలు ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు, ఒక్కో పక్క ఇంచుమించు 44 అంగుళాలు. ఒక గడిలో గడియారం, పక్క గడిలో విమానం. ఇంట్లో అందరూ దాన్ని రంగూన్ రుమాలు అంటారు. అత్తయ్య తాతగారు బర్మాలో పనిచేసి, 1942లో జపాను వాళ్లు వచ్చినప్పుడు తిరిగొచ్చేస్తూ తెచ్చిన కొద్ది సామానులో ఇదొకటి. కాబట్టి అది బర్మా బట్ట అని మా లెక్క. నేత సంగతి తెలిసిన ఒక స్నేహితురాలు పోయిన సంక్రాంతికి చూసి, "బర్మా ఏంటే, ఇది తేలియా రుమాలు. మన దగ్గర నేసిందే" అంది. అంతే, అత్తయ్యకి నిద్ర పట్టలేదు. ఇద్దరం రుమాలు తీసుకుని బయల్దేరాం.

మొదట పుట్టపాక. యాదాద్రి భువనగిరి జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా వెళ్లి లోపలికి తిరగాలి, మొత్తం 70 కిలోమీటర్ల లోపే. చౌటుప్పల్ దాకా బస్సులకు కొదవ లేదు. అక్కడి నుంచి ఆటో కోసం ఎండలో నిలబడటం పెద్దవాళ్లతో కుదరదు, అందుకే కారు మాట్లాడుకున్నాం. పొద్దున ఆరింటికి బయల్దేరితే మగ్గాలు మొదలయ్యే వేళకు చేరొచ్చు. బస గురించి మేము ఆలోచించలేదు, పగటి ప్రయాణం చాలు. పులిహోర కట్టుకెళ్లడం మాత్రం మంచిదైంది.

తెలిసినవాళ్ల ద్వారా ముందే ఫోన్ చేసి ఒక నేతగాడి ఇంటికి వెళ్లాం. ఈ ఊళ్లో అదే పద్ధతి. చెప్పకుండా వెళ్తే మగ్గం మీద ఉన్న మనిషి పని పాడవుతుంది, మనకూ మొహమాటం. ఆయన రుమాలుని నేల మీద పరచలేదు. అంచున విడిపోయిన చోట ఒక పోగు గుంజి, గోరు మీద పెట్టి చూపించాడు. "సూడమ్మా, పోగు మీదనే రంగు మారింది. ఇంత ఎరుపు, ఇంత తెలుపు, మళ్ల ఎరుపు. అచ్చు ఒత్తిందైతే గిట్ల రాదు."

ఇదే మొదటి పరీక్ష. అచ్చు బట్టలో రంగు పైన పడుతుంది, తిప్పి చూస్తే వెనక పలచగా ఉంటుంది. ఇక్కత్‌లో, వీళ్ల మాటలో చిట్కిలో, నేయకముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఇప్పుడు కట్లకు సైకిల్ ట్యూబు ముక్కలు వాడుతున్నారు. అలా రంగేసిన పోగును నేస్తే బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

రెండో పరీక్షకు ఆయన నిలువు పోగులైన పడుగు నుంచి ఒకటి, అడ్డంగా నేసే పేక నుంచి ఒకటి, రెండు పోగులూ పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా రంగు మారుతోంది. అంటే డబుల్ ఇక్కత్. పోగు లాగకుండా కూడా ఇది తెలుస్తుంది, ఎలాగో ఆ తర్వాత నేనే గంటసేపు భూతద్దం పెట్టుకుని చూశాను. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడితే నిండు ఎరుపు. తెలుపు మీద తెలుపు పడితే మచ్చలేని తెలుపు. ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ చుక్కలు. పేకకు మాత్రమే రంగు కట్టిన బట్టలో పడుగు ఎరుపైతే తెల్ల బొమ్మలన్నీ గులాబీగా మాసిపోతాయి, పడుగు తెలుపైతే ఎర్ర నేల పేలవంగా ఉంటుంది. మా రుమాల్లో తెలుపూ నిండుగా ఉంది, ఎరుపూ నిండుగా ఉంది. గులాబీ ఉన్నది విమానం రెక్కల అంచుల్లోనే, అటూ ఇటూ ఒకటి రెండు పోగులు జరిగిన చోట. ఆ చెదిరిన అంచు లోపం కాదు. అది లేకుండా మరీ గీత గీసినట్టుంటే అచ్చు అని అనుమానించాలి.

గడియారాన్ని చూసి అత్తయ్య నవ్వింది, గుండ్రంగా లేదు, మెట్లు మెట్లుగా ఉంది. కట్టు కట్టేది ఒక్కో పోగును కాదు, పోగుల జట్టును. మా రుమాల్లో ఒక్కో మెట్టుకు 8 పోగులు లెక్కపెట్టాను. జట్టు చిన్నదైతే వంపు నునుపుగా వస్తుంది, కట్లూ పెరుగుతాయి, కూలీ పెరుగుతుంది. ధర అడిగే ముందు మెట్టుకు ఎన్ని పోగులో లెక్కపెట్టడం నాకు ఇప్పుడు అలవాటైంది.

పేకను కట్లు కట్టేముందు ఆసు మీద పోయాలి. మేకుల చుట్టూ అర్ధచంద్రాకారంలో చేయి అటూ ఇటూ ఊపుతూ, ఒక చీరకు సుమారు 9,000 సార్లు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూసి ఆసు యంత్రం చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. మేము వెళ్లిన ఇంట్లో మెషీన్ ఉంది. పక్కింటి పెద్దావిడ మాత్రం ఇంకా చేత్తోనే పోస్తోంది. రెండు నిమిషాలు నన్ను చేయనిచ్చింది, సాయంత్రం దాకా భుజం లాగుతూనే ఉంది.

ఇక రంగు. తేలియా అంటే నూనెది అని. నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఇలా రెండు మూడు వారాలు చేస్తారు. వాసన కోసమో, మెత్తదనం కోసమో కాదు ఈ పాట్లన్నీ. అలిజరిన్ ఎరుపు నూలుకు తనంత తాను అంటుకోదు. బూడిదలోని క్షారం నూనెను నూలులోకి ఎక్కిస్తుంది, ఆ కొవ్వు పటికను పట్టుకుంటుంది, పటిక రంగును పట్టుకుంటుంది. అందుకే ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగదు. పటిక బదులు ఇనుము నీళ్లు వాడితే అదే రంగు నల్లబడుతుంది.

ఇక్కడే మా రుమాలు తన వయసు చెప్పింది. నలుపు ఉన్న చోట్ల సన్నటి చిల్లులున్నాయి, పక్కనే ఉన్న ఎరుపు మాత్రం చెక్కు చెదరలేదు. చిమ్మెట కొట్టిందనుకునేవాళ్లం. చిమ్మెటకు రంగు తేడా ఉండదు కదా. నూలులో ఉండిపోయిన ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. నలుపు చోట మాత్రమే చిరిగిందంటే అది ఇనుముతో అద్దిన నలుపు. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికే కృత్రిమ రంగుల నలుపుకి ఈ జబ్బు రాదు.

తిరుగుదారిలో పోచంపల్లి వెళ్లాం. భూదానోద్యమం మొదలైన ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం, తిండికీ బట్టలు కొనడానికీ ఇబ్బంది లేదు. ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోవచ్చు కానీ ఎవరూ మన కోసం పోగు గుంజి చూపించరు. దారిలో ఒక షాపులో (పేరెందుకు) "పాత పద్ధతి తేలియా" అని ఒకటి అంటగట్టబోయారు. ఆముదం వాసన గుప్పుమంది. టిష్యూ కాగితం మీద పెట్టి నొక్కితే జిడ్డు మరక పడింది. పైన పూసిన నూనె! పోగు లాగితే పడుగంతా ఒకటే రంగు. ధర చూస్తే డబుల్ ఇక్కత్‌ది చెప్పాడు.

మర్నాడు రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కి తెల్లారేసరికి చీరాలలో దిగాం. మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి రైలే సుఖం. ఊళ్లో లాడ్జి తీసుకుంటే బజారు దగ్గర, వాడరేవులో తీసుకుంటే సముద్రం ఎదురుగా. మేము వాడరేవులో దిగాం. గది శుభ్రంగానే ఉంది, శని ఆదివారాల్లో మాత్రం పక్క గదుల పాటలకు తెల్లవార్లూ జాగారమే. వారం మధ్యలో వెళ్లండి. ఆటోవాడు జాండ్రపేట తిప్పి తీసుకొచ్చినందుకు 500 తీసుకున్నాడు, ఓపిగ్గా ఆగాడు కాబట్టి ఎక్కువనిపించలేదు.

చీరాలలో మగ్గాల చప్పుడు వినిపిస్తుంది గానీ, తేలియా చూద్దామని వెళ్తే నిరాశే. చీరలే ఎక్కువ. అయినా ఈ పని మొదట ఇక్కడిదే, 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడి నుంచి తెలంగాణకు వెళ్లింది. ఇక్కడే ఎందుకు అంటే కారణం నేలలో ఉంది. పక్కనే ఉన్న నిజాంపట్నం ప్రాంతంలో చిరువేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపుకి 17వ శతాబ్దంలోనే విదేశీ వర్తకుల్లో పేరు. చిరువేరులో ఉన్న రంగు కూడా అలిజరినే. 1869 నాటికి జర్మన్లు దాన్ని ఫ్యాక్టరీలో చేయడం నేర్చుకున్నాక డబ్బాల్లో దిగుమతై, వేరు తవ్వే పని పోయింది. మా రుమాలు ఎరుపు వేరుదా, డబ్బాదా అనేది కంటికి తెలియదు, ల్యాబ్‌లోనే తేలాలి.

బొమ్మల సంగతి మాత్రం ఇసుకలో కూర్చునే తేల్చుకున్నాం. అరబ్బు దేశాలకు, ఏడెన్‌కు వెళ్లిన రుమాళ్లలో ఎక్కువగా చదరాలు, నక్షత్రాలు, గీతలు. విమానం అలా కాదు. మన దేశంలో విమానం ఎగరడం మొదలైంది 1910 ప్రాంతంలోనే. అంతకుముందు మగ్గం మీద విమానం ఎవరికి తోస్తుంది? తాతగారు తిరిగొచ్చింది 1942. కాబట్టి ఈ ముప్పై ఏళ్ల మధ్యలోదే ఇది. రంగూన్‌లో అప్పుడు తెలుగు కూలీలు ఎంతమందంటే కోరంగి రేవు పేరుతో బర్మావాళ్లు వాళ్లని కోరంగీలు అనేవారు. తేలియా రుమాళ్లు బర్మాకూ వెళ్లేవి. తలకు చుట్టుకోవడానికీ, లుంగీగా కట్టుకోవడానికీ కొనేవాళ్లు అక్కడున్నారు.

"అయితే మా తాత రంగూన్‌లో డబ్బులిచ్చి కొన్నది మన చీరాల బట్టా?" అంది అత్తయ్య.

"చీరాలే అని బట్ట చెప్పదు అత్తయ్యా. నేత, రంగు ఈ పద్ధతివి, కాలం ఆ ముప్పై ఏళ్లది. అంతవరకే."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తాలే" అంది.

పుట్టపాక ఆయన వచ్చేముందు ఒక జాగ్రత్త చెప్పాడు. నలుపు మడత మీదే ముందు విరుగుతుందట, ఎప్పుడూ ఒకే మడత పెట్టొద్దని. ఇంటికొచ్చాక ప్లాస్టిక్ కవర్ తీసేసి, ఉతికిన పాత ధోవతిలో చుట్టి, విమానం మీదుగా పోయే పాత మడత విప్పేసి గొట్టంలా చుట్టి పెట్టాం. ట్రంకులో అది అడ్డంగా పట్టలేదు, ఇప్పుడు బీరువా పై అరలో ఉంది.