వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు ఎక్కట్లేదా? జాలీ కడగడం, ట్యాంకు ఎత్తడం, పంపు పెట్టడం: ఏది మేలు?

శ్రీకాకుళంలో అరసవల్లి వైపు మా అన్నయ్య వాళ్ల రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద అద్దెకున్నవాళ్లు, పైన అన్నయ్య వాళ్లు. రెండు వాటాలకీ డాబా మీద ఒకటే వెయ్యి లీటర్ల ట్యాంకు. రెండిళ్లలోనూ పైనుంచి బట్టలు వేసే మెషీన్లే. కింద వాళ్ల మెషీన్ నలభై లీటర్ల నీళ్లు ఐదు నిమిషాల్లో పట్టేస్తుంది. పైన వదిన మెషీన్‌కి ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. మధ్యాహ్నం వేస్తే అంతసేపు ఆగీ నిండక, IE అని చూపించి ఆగిపోయేది. కొన్ని కంపెనీల మెషీన్లలో అదే తప్పు 4C అని వస్తుంది. రెండింటికీ అర్థం ఒకటే: అనుకున్న సమయంలో నీళ్లు రాలేదని.

నేను విజయనగరం నుంచి వెళ్లేసరికే ఒక మెకానిక్ వచ్చి, నీళ్లు వదిలే వాల్వు పోయిందని కొత్తది వేసి వెళ్లాడు. తేడా ఏమీ రాలేదు. వదినకి అదే టెన్షన్. "డబ్బులు పోతే పోయాయి మరిదీ, ఇప్పుడు మెషీనే మార్చమంటారేమో" అంది.

ఇలాంటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. జాలీ కడగడం, ట్యాంకు ఎత్తు పెంచడం, మెషీన్ లైనుకి చిన్న ప్రెషర్ పంపు పెట్టడం. మూడూ మంచివే, కానీ మూడూ ఒకే జబ్బుకి మందు కాదు.

ముందు జాలీ సంగతి. మెషీన్ వెనక నీళ్ల గొట్టం బిగించే చోట, లోపల వేలి గోరంత ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. కొన్ని గొట్టాలకి కుళాయి వైపు కూడా వాషర్‌లోనే ఇంకో జాలీ ఉంటుంది, దాన్ని చాలామంది మరచిపోతారు. ప్లగ్ తీసేయాలి, కుళాయి కట్టేయాలి, కింద ఒక బేసిన్ పెట్టి గొట్టం మర విప్పాలి. జాలీ మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని ముక్కు పట్టకారుతో పట్టుకుని నేరుగా బయటికి లాగాలి, మెలి తిప్పితే విరుగుతుంది. పాత టూత్ బ్రష్‌తో, కుళాయి ధార కింద వెనక వైపు నుంచి కడగాలి. తెల్లగా సున్నంలా గట్టిపడి ఉంటే అరగంట నిమ్మరసం నీళ్లలో నానబెడితే వదులుతుంది. కొందరు విసిగిపోయి జాలీ తీసి పారేస్తారు. అలా ఎప్పుడూ చేయకండి. ఇసుక రేణువు ఒకటి వాల్వు లోపల పలచటి రబ్బరు బిళ్ల కింద ఇరుక్కుంటే, మెషీన్ ఆపేసినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

వదిన మెషీన్ జాలీ సగం మూసుకుపోయి ఉంది. ఎర్రటి ఒండ్రు, ఒక నాచు ముక్క. అంతకు రెండు వారాల ముందే ట్యాంకు కడిగించారట. కడిగినప్పుడు అడుగున కదిలిన మడ్డి పైపుల్లోకి దిగి, మొదట చేరేది ఆ జాలీ దగ్గరికే. కడిగి పెట్టాక ఇరవై ఐదు నిమిషాలు పద్దెనిమిదికి దిగింది. మేలే కానీ, కింద వాళ్ల ఐదు నిమిషాలకి చాలా దూరం. అంటే జాలీ ఒక్కటే కారణం కాదు.

తర్వాత బకెట్ పరీక్ష చేశాం. గొట్టం విప్పేసి, మెషీన్ కుళాయి పూర్తిగా తిప్పి పది లీటర్ల బకెట్ పెడితే యాభై సెకన్లలో నిండింది. నిమిషానికి పన్నెండు లీటర్లన్నమాట. చూసినవాళ్లెవరైనా నీళ్లు బాగానే వస్తున్నాయి, తప్పు మెషీన్‌దే అనుకుంటారు. మెకానిక్ కూడా ఇదే చూసి వాల్వు మార్చి ఉంటాడు. అతను మోసం చేశాడని నేననుకోవడం లేదు. ధార వేరు, ఒత్తిడి వేరు అన్న తేడా దగ్గరే చాలామంది పొరపడతారు.

బకెట్ కొలిచేది ధారని. తెరిచిన కుళాయికి అడ్డేమీ లేదు కనుక, తక్కువ ఒత్తిడితో కూడా లావుపాటి పైపులోంచి నీళ్లు బాగానే పడతాయి. మెషీన్ వాల్వు అలా కాదు. కరెంటు అందులో చిన్న రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది. ఆ తర్వాత రబ్బరు బిళ్లని పైకి లేపాల్సింది నీటి ఒత్తిడే. ఒత్తిడి చాలకపోతే బిళ్ల సగమే లేస్తుంది. అప్పుడు వాల్వు కొత్తదైనా, పాతదైనా సన్నటి ధారే వస్తుంది. మెషీన్ పుస్తకంలోనో, వెనక అంటించిన కాగితం మీదో కనీస నీటి ఒత్తిడి ఎంతో రాసి ఉంటుంది. చాలావాటికి 0.3 బార్ లేదా 0.5 బార్ ఉంటుంది. MPa లెక్కలో ఉంటే 0.03, 0.05 అని కనిపిస్తుంది.

ఆ ఒత్తిడి కొలవడానికి మీటరు కొనక్కర్లేదు, టేపు చాలు. ట్యాంకులో నీటి మట్టానికీ, మెషీన్ వెనక గొట్టం బిగించే చోటుకీ మధ్య నిలువు ఎత్తు ఎంతో చూడండి. ఒక మీటరు ఎత్తుకి 0.1 బార్ చొప్పున లెక్క. పైపు ఎంత లావున్నా, ఎంత దూరం తిరిగి వచ్చినా, అంతకు మించి రాదు. సన్న పైపు, ఎక్కువ వంపులు ఉంటే నీళ్లు పారేటప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది కూడా.

అన్నయ్య ఇంటి లెక్క ఇలా వచ్చింది. ఒక్కో అంతస్తు మూడు మీటర్లు. ట్యాంకు నేరుగా డాబా మీదే కూర్చుంది. సగం నిండిన ట్యాంకులో నీటి మట్టం డాబాకి అర మీటరు పైన. మెషీన్ గొట్టం నేలకి ఒక మీటరు ఎత్తులో ఉంది. కింద వాటాకి ఐదున్నర మీటర్లు, అంటే 0.55 బార్. పై వాటాకి రెండున్నర మీటర్లే, అంటే 0.25 బార్. ఆ మెషీన్ పుస్తకంలో రాసిన కనీసం 0.3. ఉదయం మోటారు వేసి ట్యాంకు నిండా ఉన్నప్పుడు అంచు దాకా వచ్చి ఎలాగో పట్టేది. మధ్యాహ్నానికి మట్టం దిగితే కిందికి జారిపోయేది. మీ ఇంట్లో కూడా ట్యాంకు నిండగానే మెషీన్ బాగా పట్టి, ఖాళీ అవుతున్నకొద్దీ మందగిస్తుంటే, వాల్వు జోలికి వెళ్లకండి. అది ఎత్తు సమస్యే. దానికి తిరగేసి, టేపు లెక్కలో మీ మెషీన్ పుస్తకంలో రాసిన కనీసానికి బాగా పైగా వచ్చి, జాలీ శుభ్రంగా ఉండి, మెషీన్ ఝుమ్మంటున్నా నీళ్లు రాకపోతే, అప్పుడు వాల్వుని అనుమానించవచ్చు.

ఇక ట్యాంకు ఎత్తడమా, పంపా? నా మనసుకి ట్యాంకు ఎత్తడమే నచ్చుతుంది. కరెంటు ఖర్చు లేదు, చప్పుడు లేదు, షవర్ దగ్గర్నుంచి వంటింటి కుళాయి దాకా అన్నిటికీ ఒకేసారి మేలు జరుగుతుంది. మెట్ల గదికి సిమెంటు శ్లాబు ఉన్న ఇల్లయితే రెండో ఆలోచన వద్దు, ఇంజినీరుకి చూపించి ట్యాంకుని దాని మీదికి ఎక్కించండి. రెండు మీటర్లకి పైనే ఎత్తు కలిసొస్తుంది. అంటే 0.2 బార్‌కి పైగా. అన్నయ్య వాళ్ల మెట్లకి పైన రేకు మాత్రమే ఉంది, ఆ దారి మూసుకుపోయింది.

మిగిలింది డాబా మీద ఇనుప స్టాండు. నాలుగడుగుల స్టాండు వేస్తే 0.12 బార్ కలిసి మొత్తం 0.37 అవుతుంది. పని జరుగుతుంది కానీ, మట్టం దిగినప్పుడు మళ్లీ అంచుకే వస్తుంది. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. నాలుగు సన్న కాళ్ల మీద అంత బరువు దింపాలంటే కింద స్తంభమో బీమో ఉండాలి, శ్లాబు నడిమధ్యలో పెట్టకూడదు. అన్నిటికంటే నాకు భయం గాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన జిల్లాల్లో డాబాల మీద ట్యాంకుల్ని ఎలా దొర్లించాయో చూసినవాళ్లం. స్టాండు ఎక్కిన ఖాళీ ట్యాంకు గాలికి ఇంకా తేలిక. స్టాండే వేయాలనుకుంటే కాళ్లని శ్లాబుకి బోల్టులతో బిగించి, ట్యాంకుని పట్టీలతో కట్టి, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు నిండా నింపి ఉంచాలి.

అందుకే ఆ ఇంటికి పంపే మేలని తేల్చాం. ఇల్లంతటికీ కాదు, ట్యాంకు నుంచి మెషీన్‌కి వచ్చే లైనుకి మాత్రమే. ఇల్లంతటికీ పెడితే పాత జాయింట్లు ఆ ఒత్తిడికి కారడం మొదలుపెడతాయి. మున్సిపాలిటీ కుళాయి కనెక్షన్‌కి నేరుగా మోటారు పెట్టే ఆలోచన మాత్రం చేయొద్దు. అది నేరం, పైగా వీధిలో వెనకున్నవాళ్ల నీళ్లు లాక్కోవడం.

పంపు దగ్గర కూడా మాకు ఒక పొరపాటు జరిగింది. ప్లంబరు మొదట తెచ్చింది ధార పసిగట్టి ఆన్ అయ్యే రకం. నీళ్లు నిమిషానికి లీటరు, రెండు లీటర్లయినా పారితేనే అది మొదలవుతుంది. ఒత్తిడి లేక వాల్వు సరిగా తెరుచుకోదు, వాల్వు తెరుచుకోక ధార రాదు, ధార రాక పంపు ఆన్ కాదు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు పనిచేసి, సగానికి దిగితే మొండికేసింది. "ఇది కాదు బాబూ, పైపులో వత్తిడి తగ్గితే ఆనయ్యేది ఉంటాది, అది తెస్తానుండు" అని ఆయనే తీసుకెళ్లి షాపులో మార్చుకొచ్చాడు. ఈ రెండో రకం ఎప్పుడూ లైనులో ఒత్తిడి నిలిపి ఉంచుతుంది కాబట్టి వాల్వుకి మొదటి క్షణం నుంచే బలం దొరుకుతుంది. దీనికీ ఒక లోపం ఉంది. మెషీన్ కుళాయి దగ్గర చుక్క కారినా పంపు మాటిమాటికీ ఆన్ అయి ఆగుతుంటుంది. అందుకని ఉతకడం అయ్యాక స్విచ్ కట్టేయడం అలవాటు చేసుకోవాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు నడిస్తే పంపు సీలు కాలిపోతుంది, అది కూడా గుర్తుంచుకోవాలి. తడి చోట పెడుతున్నాం కాబట్టి ఎర్త్ ఉన్న ప్లగ్ తప్పనిసరి.

పంపు పెట్టాక అదే నలభై లీటర్లు, ట్యాంకు సగమే ఉన్నప్పుడు, ఐదు నిమిషాల్లోపే పట్టింది. మెకానిక్ విప్పి ఇచ్చిన పాత వాల్వుని వదిన పారేయకుండా దాచింది. అందులో ఏ లోపమూ లేదు కాబట్టి అదే మంచి పని. ట్యాంకు కడిగించిన ప్రతిసారీ, వారం తిరిగాక జాలీ తీసి చూడమని కింద వాటా వాళ్లకి కూడా చెప్పి వచ్చాను.