వానాకాలం ప్రయాణానికి అదనపు టైము: మొత్తం మీద పాతిక శాతమా, రోడ్డు ముక్కను బట్టా?

కోనసీమలో వానలు మొదలయ్యాక చాలామంది మామూలు టైముకు పాతిక శాతం కలిపి బయల్దేరతారు. లెక్క తేలికే కానీ, నాకు దాని మీద నమ్మకం లేదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

అమలాపురానికి 8 కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టు రోడ్డు మీద ఒక ఊరు ఉందనుకోండి. ఎండాకాలం ఆ గట్టు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 16 నిమిషాలు. ట్రైను ఎక్కడానికి అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లాలంటే ఇంకో 64 కిలోమీటర్లు సుమారుగా. 40 వేగంతో 96 నిమిషాలు. మొత్తం 112. పాతిక శాతం కలిపితే 140.

వానలో గట్టు మీద గుంటలు నీళ్లతో నిండి లోతు తెలియదు. వేగం 15కు పడితే 16 నిమిషాలు కాస్తా 32 అవుతాయి. మెయిన్ రోడ్డు మీద వేగం 36కు తగ్గినా 107 నిమిషాలే. కలిపితే 139. అంటే ఆ 140లో అదనం అనుకున్నదంతా నిదానానికే ఖర్చయిపోయింది. దారిలో ఏదైనా అడ్డం వస్తే ట్రైన్ పోయినట్టే.

అదే ఊరి నుంచి అమలాపురం ఆసుపత్రికి వెళ్లాలంటే శాతం లెక్క ఇంకా ఘోరం. 16కు పాతిక శాతం కలిపితే 20 వస్తుంది, పట్టేది 32. ప్రయాణంలో ఊరి రోడ్డు వాటా ఎంత పెరిగితే ఈ లెక్క అంతగా తప్పుతుంది.

అందుకే ముక్కల లెక్కే మేలంటాను. నిదానాన్ని అసలు టైములోనే వేసెయ్యాలి. అదనం అనేది ఎంత ఆగాల్సి వస్తుందో తెలియని చోట్లకే ఉంచాలి. గట్టు రోడ్డు మీద అలాంటి చోట్లు ఎక్కువ. ఎదురుగా ట్రాక్టరో బస్సో వస్తే ఎండాకాలం రోడ్డు పక్క మట్టి బెర్ము మీదికి దిగి దారి ఇస్తాం. వానలో అది జిగురు బంకమట్టి, దిగితే చక్రం కూరుకుపోతుంది. కాస్త వెడల్పు చోటు దొరికేదాకా ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. నేనైతే దీనికి 15 నిమిషాలు, రాజమండ్రి దాకా వెళ్తే మెయిన్ రోడ్డుకు ఇంకో 15 ఉంచుతాను. ఆసుపత్రికి 47 నిమిషాలు, ట్రైనుకు 169, అంటే మూడు గంటలకు కాస్త తక్కువ. వేగాలు మాత్రం మీ గట్టువే వేసుకోండి. వాన రోజు ఆ ముక్కకు ఎంత పట్టిందో రెండు మూడుసార్లు రాసుకుంటే చాలు. ఫోన్ మ్యాప్‌ను ఈ ముక్కకు నమ్మకండి, అంత తక్కువ బండ్లు తిరిగే దారిలో ఇవాళ్టి వేగం దానికి అందకపోవచ్చు.

లంక గ్రామాల కాజ్‌వేలకు మాత్రం రెండు లెక్కలూ పనికిరావు. గోదావరి ఎక్కి కాజ్‌వే మునిగితే గంట కలిపినా దాటలేరు, దారి మార్చాలి లేదా పడవ కోసం చూడాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. నీటిమట్టం అటువైపు పెరుగుతోందని తెలిస్తే, బయల్దేరే ముందే లంకలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి కాజ్‌వే మీద నీళ్లు ఎంత ఉన్నాయో అడగండి.