శుభలేఖ మీద జంట ఫొటో: ఫొటో మొత్తానికీ రంగు వేయాలా, ముఖాలు మాత్రమే సరిచేయాలా?

ఫోన్‌లో చక్కగా ఉన్న జంట ఫొటో, క్రీమ్ బోర్డు మీద మెరూన్ అంచు కార్డులో పడేసరికి ముఖాలు కామెర్లు వచ్చినట్టు ఎందుకు కనిపిస్తాయని చాలామంది అడుగుతున్నారు. సరిచేయడానికి ఉన్న దారులేమిటో, వాటిలో ఏది మేలో చూద్దాం.

ముందు కారణం. మామూలు ప్రెస్‌లో తెల్ల సిరా ఉండదు. ఫొటోలో తెల్లగా కనిపించే చోటల్లా కాగితమే కనిపిస్తుంది. బోర్డు క్రీమ్ రంగుదైతే ఆ పసుపు ఛాయ ముఖంలోకీ వస్తుంది. నుదురు, బుగ్గల మీద వెలుగు పడే చోట సిరా పలచగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువగా బయటపడుతుంది. దానికి తోడు మెరూన్ పక్కన పెడితే ఏ ముఖమైనా ఎరుపు తగ్గి, కాస్త ఆకుపచ్చకు తిరిగినట్టు కంటికి తోస్తుంది. అందుకే నా లెక్కలో అసలు విషయం కార్డు డిజైన్ కాదు, కాగితం.

చాలా డిజైన్ సెంటర్లలో మొదట చేసేది ఫొటోషాప్‌లో ఫొటో మొత్తానికీ `Photo Filter` వేసి కార్డు రంగులో ముంచడం. రెండు నిమిషాల పని, ఫొటో కార్డులో కలిసిపోతుంది కూడా. కానీ వరుడి తెల్ల పంచె, వధువు జడలో మల్లెలు, కళ్లలోని తెలుపు అన్నీ అదే రంగుకు తిరుగుతాయి. తెలుపు తెల్లగా లేకపోతే ముఖం రంగు ఎంత సరిగా ఉన్నా తేడాగానే కనిపిస్తుంది.

రెండో దారి ఒంటిరంగును మాత్రమే అంకెలతో సరిచేయడం. నేను మొగ్గేది దీనికే. ప్రెస్ వాళ్లను అడిగి వాళ్ల CMYK రంగుల ప్రొఫైల్‌లోకి `Convert to Profile` ద్వారా ఫొటోను ముందే మార్చుకోవాలి. ఆ తర్వాత పైన ఒక `Solid Color` లేయర్ వేసి, బోర్డు ముక్కను పక్కన పెట్టుకుని దాని రంగు ఇవ్వాలి. క్రీమ్ బోర్డుకైతే C 3, M 6, Y 16 దగ్గర మొదలుపెట్టవచ్చు. మోడ్‌ను `Multiply`కి మార్చితే కాగితం ఫొటోను ఎలా మారుస్తుందో స్క్రీన్ మీదే తెలుస్తుంది. ఇది చూసుకోవడానికే, ప్రెస్‌కు పంపేముందు తీసేయాలి.

ఇప్పుడు ఆ లేయర్‌ను కాసేపు దాచి, ఐ డ్రాపర్‌కు `5 by 5 Average` పెట్టి, బొట్టుకు దూరంగా నుదుటి పక్కన కొలవండి. గడ్డం కింద కొలవొద్దు, ఎర్ర పట్టుచీర రంగు అక్కడ ప్రతిఫలిస్తుంది. మన గోధుమ ఛాయ ముఖాల్లో పసుపు మెజెంటా కంటే కొంచెం ఎక్కువగా, సయాన్ మెజెంటాలో సగం లేదా అంతకంటే తక్కువగా ఉంటాయి. ఉదాహరణకు వరుడి నుదురు C 26, M 52, Y 66, K 6 అని, వధువుది C 18, M 44, Y 58 అని వచ్చాయనుకోండి. కాగితం ఎలాగూ పసుపు ఇస్తుంది కాబట్టి `Curves`లో ఎల్లో చానల్‌ను వరుడికి 58కి, వధువుకు 50కి దించితే చాలు. మెజెంటా పెంచాల్సిన పని ఉండదు.

ఈ మార్పు ఒంటిరంగుకే పడేలా మాస్క్ చేయాలి. దానికోసం `Color Range`లో `Skin Tones` వాడితే జరీ, బంగారు నగలు కూడా అందులో పడతాయి. బ్రష్‌తో వాటిని మాస్క్ నుంచి తీసేయండి, లేకపోతే బంగారం వెండిలా పాలిపోతుంది. ఇద్దరికీ విడివిడిగా మాస్క్ చేయండి. ఇద్దరినీ ఒకే ఛాయకు తేవడం, తెల్లబరచడం మాత్రం వద్దు. తెల్లబరిస్తే సిరా ఇంకా పలచబడి, ఏ పసుపును తప్పించాలనుకున్నామో అదే ముఖం మీదికి వస్తుంది. కోటింగ్ లేని బోర్డు సిరాను పీల్చుకుని నడిమి ఛాయలను ముదురు చేస్తుంది. ప్రెస్ ప్రొఫైల్ ఆ బోర్డుకు చేసింది కాకపోతే కర్వ్ మధ్యలో కొద్దిగా తేలిక చేయాలి.

కార్డు ఇంకా ఖాయం కాకపోతే మూడో దారి ఉంది. ఫొటోను అలాగే ఉంచి, కార్డు మెరూన్‌ను వధువు చీర అంచు నుంచి తీసుకోండి. ఫొటో చుట్టూ 3 మి.మీ. బోర్డు ఖాళీగా వదిలితే మెరూన్ ముఖాలకు దూరమై ఆ ఆకుపచ్చ భ్రమ తగ్గుతుంది. రెండో దారితో కలిపి చేస్తే ఇంకా మంచిది.

ఒకే రంగులో, అంటే ముదురు గోధుమలోనో మెరూన్‌లోనో ఫొటో వేస్తే ఈ సమస్యే రాదు. అయితే పెద్దవాళ్లు సాధారణంగా ఒప్పుకోరు.

మెరిసే పెర్ల్ బోర్డుకూ, నిండు మెరూన్ బోర్డుకూ వీటిలో ఏదీ పనికిరాదు. ఫొటోను తెల్ల ఆర్ట్ పేపర్ మీద విడిగా వేయించి అంటించాలి. అప్పుడు పసుపు తగ్గించకూడదు, ఆ కాగితం ఏమీ కలపదు.

ఏ దారి పట్టినా అసలు బోర్డు మీదే ఒక ప్రూఫ్ తీయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. పంచె తెలుపు బోర్డు రంగులో కలిసిపోయి ముఖాలు మాత్రం పసుపుగా ఉంటే ఎల్లోను ఇంకో మూడు నాలుగు పాయింట్లు దించండి. ముఖాలు గులాబీకి తిరిగితే అన్నే పాయింట్లు పెంచండి.