చక్కెర పాకంతో కాళ్ల వెంట్రుకలు: మూడేళ్ల వాడకం తర్వాత

పార్లర్‌లో వేడి వ్యాక్స్ చేయించుకున్న ప్రతిసారీ నా పిక్కల మీద నాలుగు రోజులపాటు ఎర్రటి పొక్కులు ఉండేవి. ఆ బాధ పడలేక హైదరాబాద్‌లో మా ఇంట్లోనే షుగరింగ్, అంటే చక్కెర పాకంతో వెంట్రుకలు లాగేయడం, మొదలుపెట్టి మూడేళ్లయింది. ఇప్పుడు ఎరుపు సాయంత్రానికే తగ్గిపోతోంది. అయితే ఇక్కడికి చేరడానికి నాకు చాలా పాకం వృథా అయింది.

నా కొలత రెండు కప్పుల చక్కెర, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు. నిమ్మరసం తగ్గిస్తే పాకం చల్లారాక పలుకులు కడుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద తేనె రంగు వచ్చేదాకా కాచి, అరిసెలకు చూసినట్టే చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి చూస్తాను. వేళ్ల మధ్య మెత్తని ఉండ కట్టాలి. నీళ్లలో పరుచుకుపోతే లేత పాకం, టక్కుమని విరిగితే ముదురు పాకం. నా మొదటి పాకం లేతదే. కాలికి అంటుకుని ఊడి రాలేదు. గోరువెచ్చని నీళ్లు పోస్తే కరిగిపోయింది. వ్యాక్స్ అయితే నూనె పెట్టి రుద్దాల్సి వచ్చేది. పొయ్యి మీంచి దింపిన పాకం మరిగే నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా ముట్టుకోకండి.

వెంట్రుక బియ్యపు గింజంత పొడవుంటే చాలు. స్నానం చేసి, కాళ్లు పొడిగా తుడిచి, కొద్దిగా పౌడరు చల్లుకుంటాను. ఆ రోజు నూనె, క్రీము రాయను. చిన్న నిమ్మకాయంత ముద్ద తీసుకుని మడమ వైపు నుంచి మోకాలి వైపు, అంటే వెంట్రుకలకు ఎదురుగా, అదుముతూ పరచాలి. ఆ తర్వాత రెండో చేత్తో చర్మాన్ని బిగబట్టి, వెంట్రుకలు పెరిగే వైపే, చర్మానికి ఆనించినట్టుగా ఒక్క విసురుతో లాగాలి. వ్యాక్స్‌కు ఇది పూర్తిగా తలకిందులు. ఆ అలవాటుతోనే మొదటి ఆరు నెలలు పాకాన్ని కూడా ఎదురు లాగాను. వెంట్రుకలు మధ్యలో తెగి, పది రోజులకే గరుకుగా మొలిచేవి. కొన్ని చర్మం కిందే చుట్టుకుని నల్లటి చుక్కల్లా కనిపించేవి. దిశ మార్చాక అవి బాగా తగ్గాయి కానీ, చీలమండల దగ్గర ఇప్పటికీ ఒకటీ రెండూ వస్తూనే ఉన్నాయి.

మే నెలలో మధ్యాహ్నం మాత్రం ఈ పని పెట్టుకోకండి. చేతి వేడికే ముద్ద జారిపోతుంది, చెమట పట్టిన కాలికి అంటుకోదు. నేను తెల్లవారుజామున, ఫ్యాను కింద చేసుకుంటాను. పార్లర్‌లో అరగంటలో అయ్యే పనికి ఇంట్లో గంటన్నర పడుతుంది. ఆ సమయం లేనివాళ్లకు వ్యాక్సే నయం.

అయ్యాక చల్లటి తడిగుడ్డ వేసి, ఆ రోజంతా వదులైన నూలు పైజామా తొడుక్కుంటాను, ఎండలోకి వెళ్లను. మూడో రోజు నుంచి స్నానంలో పీచుతో మెల్లగా రుద్దుతాను. మా చెల్లెలు మోకాళ్ల మీద, పైచర్మాన్ని సున్నితం చేసే రెటినాల్ క్రీము రాస్తూ, అది ఆపకుండానే పాకం పెట్టింది; రూపాయి బిళ్లంత మేర పైచర్మం లేచిపోయింది. పొక్కుల్లో చీము చేరినా, చుట్టూ వేడిగా ఎరుపు పాకుతున్నా చర్మ వైద్యులకు చూపించి, పూర్తిగా మానేదాకా ఆ చోట పాకమూ వ్యాక్సూ రెండూ పెట్టకండి.